మూడు మందులు వాడాం, ఇక అయస్కాంతమేనా?

పోయిన నెల బర్మింగ్‌హామ్ దగ్గర్నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. "మా వదినకి రెండేళ్ళుగా డిప్రెషన్. మూడు మందులు మార్చారు, ఏదీ పని చెయ్యలేదు. ఇప్పుడు తలకి అయస్కాంతం పెట్టి వైద్యం చేస్తామంటున్నారు. అన్నయ్య అది కరెంట్ షాకేనని భయపడి వద్దంటున్నాడు. అమ్మ ఇండియా నుంచి ఫోన్ చేసి మెదడు పాడైపోతుందేమోనని ఏడుస్తోంది. మీరు ఆ పని చేసే చోటే ఉన్నారు కదా, ఏం చెయ్యమంటారు?"

అవును, నేను ఇంగ్లండ్‌లో ఒక టీఎంఎస్ క్లినిక్‌లో నర్సుని. మిషన్ పక్కన కూర్చుని రోజూ ఆ వైద్యం చేసేది నాలాంటివాళ్ళే. ఈ ఉత్తరం చదవగానే నాకు అన్నయ్యగారి భయం కన్నా ముందు కనిపించిన మాట "మూడు మందులు" అన్నది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ షాక్ సంగతి తేల్చేద్దాం.

షాక్ వైద్యంలో మత్తు ఇచ్చి, మెదడులోకి కరెంటు పంపి, కావాలనే ఫిట్ రప్పిస్తారు. టీఎంఎస్‌లో మత్తు లేదు, ఫిట్ రానివ్వం. మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుంటుంది. అరచేతిలో పట్టేంత కాయిల్‌ని తల ఎడమవైపు, నుదుటికి కాస్త పైన ఆనిస్తాం. అందులోంచి టక టక మని అయస్కాంత తరంగాలు వెళ్ళి, కాయిల్ కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతులో ఉన్న మెదడు భాగాన్ని తట్టి లేపుతాయి. డిప్రెషన్‌లో ఆ భాగం మందకొడిగా ఉంటుంది. మనిషి మెదడు మీద ఈ పద్ధతి మొదట చూపించింది ఇక్కడే, షెఫీల్డ్‌లో, 1985లో ఆంథొనీ బార్కర్ బృందం. సెషన్ అయిపోయాక మనిషి లేచి తనే బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతుంది.

ఈ దేశంలో ఏ వైద్యం చెయ్యవచ్చో చెప్పే నైస్ సంస్థ 2015 డిసెంబరులో డిప్రెషన్‌కి టీఎంఎస్ మీద మార్గదర్శకం ఇచ్చింది. దాని సారాంశం ఇది: భద్రత విషయంలో పెద్ద ఆందోళనలు లేవు, మామూలు జాగ్రత్తలతో చెయ్యవచ్చు. అయితే ఒప్పుకోలు తీసుకునేటప్పుడు రోగికి రెండు సంగతులు తెలియజెయ్యాలి. ఇంకా ఏ వైద్యాలు ఉన్నాయో చెప్పాలి, ఇది పని చెయ్యకపోవచ్చు అన్నది కూడా చెప్పాలి. ఆ రెండో మాట ఎంత ముఖ్యమో నాకు ఒకావిడ దగ్గర తెలిసింది. ఆవిడ అనుమతితో, గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఆ కథ చెబుతాను. మీ వదినగారి గురించి మీరడిగిన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఆవిడకి 43 ఏళ్ళు. గుంటూరు వైపు మనిషి. కేర్ హోమ్‌లో వారానికి మూడు రాత్రులు పని. ఇద్దరు పిల్లలు. జీపీ రాసిన ఉత్తరంలో "మూడు మందులు విఫలం" అని ఉంది. మా క్లినిక్‌లో ఆ మాటని అలాగే తీసుకోం. మొండి డిప్రెషన్ అనాలంటే కనీసం రెండు మందులు, ఒక్కొక్కటి సరిపడా డోసులో, కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు, రోజూ వేసుకున్నా గుణం కనబడకపోవాలి. కాబట్టి ఒక కాగితం మీద గీతలు గీసి, ఏ మందు, ఎంత డోసు, ఎన్నాళ్ళు, ఎందుకు మానారు అని నాలుగు గళ్ళు నింపుతాం.

మొదటిది ఫ్లూఆక్సిటీన్ 20 మిల్లీగ్రాములు. పన్నెండు రోజులు వేసుకుని, కడుపులో తిప్పుతోందని ఆపేశారు. అది వాడినట్టు కాదు. రెండోది సెర్ట్రలీన్ 50. కాగితం మీద ఐదు నెలలు. నెమ్మదిగా అడిగితే, "రాత్రి డ్యూటీ ఉన్న రోజు మగతగా ఉంటుందని వేసుకునేదాన్ని కాదక్కా. ఉపవాసం ఉన్నరోజు కూడా మానేసేదాన్ని" అన్నారు. అంటే సగం రోజులు లేవు, డోసు ఎవరూ పెంచనూ లేదు. అదీ లెక్కలోకి రాదు. మూడోది మిర్టజాపీన్ 30, పది వారాలు, రోజూ. బరువు పెరిగింది కానీ మనసు తేలికపడలేదు. అది నిజమైన ప్రయత్నం. మూడు కాస్తా ఒకటి అయింది.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఎలా వేసుకోవాలో, ఎన్ని వారాలు ఓపిక పట్టాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కానీ ఈ లెక్క చూసుకోకుండా నేరుగా మిషన్ దగ్గరికి పంపిస్తే, ఒక మాత్ర సరిగ్గా వేసుకుంటే తగ్గిపోయే మనిషిని ఆరు వారాలు రోజూ క్లినిక్ చుట్టూ తిప్పినట్టవుతుంది. అందుకని డాక్టరు గారు ముందు రెండు పనులు చేశారు. రక్త పరీక్షలు చేయించారు. థైరాయిడ్ బాగానే ఉంది, బి12 బాగానే ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం తక్కువ. నెలసరి ఎక్కువగా అవుతుందని ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఐరన్ ఇచ్చారు. సెర్ట్రలీన్‌ని మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా 150 దాకా పెంచి, ఆ డోసులో ఎనిమిది వారాలు ఉంచారు. ఈసారి ఒక్క రోజూ మానలేదు.

నీరసం కొంత తగ్గింది. దిగులు తగ్గలేదు. మేము కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీలో, మొదట 27కి 21 ఉన్న అంకె 19 దగ్గర ఆగిపోయింది. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే తీవ్రం, 15 నుంచి 19 అయితే దానికి ఒక మెట్టు కింద, 5 కన్నా తక్కువయితే కోలుకున్నట్టు. ఇప్పుడు నిజంగా రెండు మందులు పని చెయ్యలేదని చెప్పగలిగాం. రెండు మందులు సరిగ్గా వాడినా తగ్గనివారికి మూడో మందుతో పూర్తిగా తగ్గే అవకాశం బాగా పడిపోతుంది. అమెరికాలో చేసిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో, 2006లో వచ్చిన లెక్క ప్రకారం, అది సుమారు ఏడుగురిలో ఒకరు. టీఎంఎస్ గురించి మాట్లాడుకోవాల్సింది ఆ మెట్టు మీదే.

అందరికీ ఈ దారి సరిపోదని కూడా చెప్పాలి. తిండి నీళ్ళు మానేసినవారికి, లేని మాటలు వినిపిస్తున్నవారికి, ప్రాణం తీసుకునే ప్రమాదం ఈ క్షణంలో ఉన్నవారికి ఆరు వారాలు ఆగే టైమ్ లేదు. అలాంటివారికి మీ అన్నయ్యగారు భయపడే ఆ షాక్ వైద్యమే త్వరగా, ఎక్కువగా పని చేస్తుంది. ఎప్పుడైనా మనసు విపరీతంగా ఉప్పొంగి, నిద్ర లేకుండా తిరిగి, డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టిన రోజులు ఉన్నాయా అని కూడా అడుగుతాం. ఉంటే అది బైపోలార్ కావచ్చు. దానికి ఆలోచన వేరుగా ఉండాలి.

ఆ తర్వాత భద్రత ప్రశ్నలు. తల లోపల లోహం ఏదైనా ఉందా? మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్ లాంటివి ఉంటే టీఎంఎస్ చెయ్యకూడదు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందు నిపుణులు చూసి చెప్పాలి. పంటికి పెట్టిన సిమెంటుతో, క్యాప్‌తో ఇబ్బంది లేదు. చెవి కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు తీసెయ్యమంటాం. మన ఆడవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న మంగళసూత్రం తియ్యాలా అని. కాయిల్ బలం కొద్ది అంగుళాల దూరానికే బాగా పడిపోతుంది కాబట్టి సాధారణంగా దాంతో సమస్య ఉండదు, అయినా ఉందని ఆపరేటర్‌కి చెప్పండి.

రెండో ప్రశ్న ఫిట్స్ గురించి. టీఎంఎస్‌లో అందరం జాగ్రత్తపడే పెద్ద ప్రమాదం ఇదొక్కటే. సరైన ఎంపిక జరిగితే వెయ్యి మందిలో ఒకరికి కూడా రాదు. ఆ ఎంపిక అంటే చిన్నప్పుడు జ్వరంలో వచ్చిన మూర్ఛతో సహా పాతవన్నీ చెప్పడం, తలకి తగిలిన గట్టి దెబ్బలు చెప్పడం, మందు అలవాటు ఉంటే దాచకుండా చెప్పడం. ఇంకోటి, వేసుకునే ప్రతి మాత్ర గురించీ చెప్పడం.

నేను మామూలుగా "ఏం మందులు వేసుకుంటారు?" అని అడిగినప్పుడు ఆవిడ సెర్ట్రలీన్, ఐరన్ అని చెప్పారు. కానీ మనవాళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి ప్రశ్న మార్చాను. "ఇండియా నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలేమైనా ఉన్నాయా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నడుం నొప్పికి ఒకటుందక్కా, మా అన్నయ్య పంపించాడు. వారానికి రెండో మూడో" అన్నారు. మర్నాడు తెచ్చిన స్ట్రిప్ చూస్తే ట్రమడాల్. అది ఫిట్స్ రావడాన్ని తేలిక చేసే మందు. పైగా సెర్ట్రలీన్‌తో కలిస్తే ఒళ్ళు కాలిపోయి, వణుకు, కంగారుతో సిరొటొనిన్ సిండ్రోమ్ అనే వేరే ప్రమాదం. డాక్టరు గారు అది తీసేసి వేరే నొప్పి మాత్ర ఇచ్చారు. జీపీ కంప్యూటర్‌లో ఆ పేరు ఎక్కడా లేదు. మనం నోరు తెరిచి చెబితే తప్ప ఈ దేశంలో ఎవరికీ తెలియదు.

మూడోది నిద్ర. రాత్రంతా మేలుకుంటే మెదడుకి ఫిట్ వచ్చే గీత కిందికి జారుతుంది. నైట్ డ్యూటీ చేసి ఉదయం తొమ్మిదికి వచ్చి కుర్చీలో కూర్చుంటానంటే కుదరదు. క్లినిక్ ఉత్తరం ఇస్తే, ఆవిడ మేనేజరు ఆరు వారాలు పగటి డ్యూటీ వేశారు.

ఇక మొదటి రోజు. ఆ రోజు మేము వైద్యం కన్నా కొలతే ఎక్కువ చేస్తాం. ఒక గుడ్డ టోపీ పెట్టి, నెత్తికి ఎడమ పక్కన, చేతిని కదిలించే చోట కాయిల్ పెట్టి ఒక్కొక్క తట్టు ఇస్తాం. కుడి చేతి బొటనవేలు దానంతటది చటుక్కున కదులుతుంది. పది తట్లలో ఐదుసార్లు కదిలే కనీస బలం ఎంతో వెతుకుతాం. దాన్ని మోటార్ త్రెషోల్డ్ అంటారు. ఆవిడకి అది మిషన్ బలంలో 48 శాతం దగ్గర తేలింది. వైద్యం దానికి 120 శాతం దగ్గర చేస్తాం, అంటే 58. ఈ కొలత ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. తక్కువ పెడితే పని చెయ్యదు, ఎక్కువ పెడితే ప్రమాదం. మొదటి రోజే 58కి వెళ్ళలేదు. నెత్తి మీద వడ్రంగి పిట్ట పొడిచినట్టు ఉంటుంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పెంచాం. శబ్దం గట్టిగా ఉంటుంది, చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి.

పాత పద్ధతిలో ఒక్కో సెషన్ 37 నిమిషాలు పట్టేది. మేము వాడేది మూడు నిమిషాలది. 2018లో కెనడాలో 414 మందితో చేసిన అధ్యయనంలో ఈ రెండూ సమానంగా పని చేశాయని తేలింది. రెండింట్లోనూ సుమారు సగం మందికి లక్షణాలు సగానికి తగ్గాయి, పావు వంతు నుంచి మూడో వంతు మధ్యలో పూర్తిగా కోలుకున్నారు. అంటే మిగతా సగం మందికి ఆశించినంత జరగలేదు. ఈ మాట మొదటి రోజే ఆవిడకి చెప్పాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ, మొత్తం 30 సెషన్లు.

మూడు నిమిషాలే కదా అని వైద్యం అంత తేలికని అనుకోకండి. ప్రతి రోజూ కుర్చీ ఎక్కే ముందు నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను: రాత్రి ఎంత నిద్రపోయారు, ఏమైనా తిన్నారా, మందుల్లో మార్పు ఉందా, నిన్న ఇక్కణ్ణుంచి వెళ్ళాక ఎలా ఉన్నారు. ఏడో సెషన్ రోజు ఆవిడ చిన్నబ్బాయికి జ్వరమని మూడు గంటలే పడుకున్నానన్నారు. ఆ రోజు చెయ్యలేదు. టీ ఇచ్చి పంపించేశాను. ఒక రోజు పోతే చివర్లో కలుపుకోవచ్చు. ఇంకో రోజు శ్రావణ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం, పూజ అయ్యేదాకా మంచినీళ్ళు కూడా తాగలేదు. ఖాళీ కడుపుతో వస్తే కళ్ళు తిరిగి పడిపోవడం జరుగుతుంది. టీఎంఎస్ గదిలో ఫిట్ కన్నా అదే ఎక్కువ చూస్తాం. "పాలు, రెండు అరటిపళ్ళు తీసుకుని అరగంట ఆగండి, అమ్మవారు ఏమీ అనుకోరు" అన్నాను. నవ్వి తాగారు.

తలనొప్పి మొదటి వారం చాలామందికి వస్తుంది, ఆవిడకీ వచ్చింది. పారాసిటమాల్‌తో తగ్గింది. మోటార్ త్రెషోల్డ్‌ని మా దగ్గర వారానికోసారి మళ్ళీ కొలుస్తాం. ఎందుకంటే మందు మారినా, నిద్ర మారినా అది మారుతుంది. మధ్యలో ఎవరైనా చెప్పకుండా నిద్రమాత్ర మొదలుపెట్టినా, మానేసినా మొదటి రోజు కొలతకి అర్థం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, వారం వారం పీహెచ్‌క్యూ-9. ఆ పట్టీ తెలుగులోనూ దొరుకుతుంది. మన ఆడవాళ్ళు "ఎలా ఉన్నారు" అంటే "ఏదో ఉన్నాను" అంటారు. తల బరువు, గుండె దడ, ఒంట్లో మంటలు అని చెబుతారు. దిగులు అన్న మాట నోట రాదు. ఆ తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననో, తనని తాను గాయపరుచుకోవాలనో అనిపించిందా అన్నది, భర్త పక్కన కూర్చుని అనువాదం చేస్తుంటే ఎప్పుడూ సున్నాయే. మొదటిసారి ఆయన గదిలో ఉన్నప్పుడు ఆవిడా సున్నా అన్నారు. తర్వాత నుంచి ఆయన్ని బయట కూర్చోబెట్టాను. ఇంగ్లీషు ఇబ్బంది అయితే ఎన్‌హెచ్‌ఎస్‌లో దుబాసీని ఉచితంగా ఇస్తారు, అడగాలి.

ఆవిడ అంకెలు ఇలా నడిచాయి. మొదలు 19. ఐదు సెషన్ల తర్వాత 19. పది తర్వాత 17. పదిహేను తర్వాత 18. మొదటి రెండు వారాల్లో ఏమీ కనిపించకపోవడం మామూలే, కానీ పెరిగిందే అని నేను ఒక్కో ప్రశ్న విడిగా చూశాను. నిద్ర బాగుపడింది, ఆకలి బాగుపడింది. తొమ్మిదో ప్రశ్న మాత్రం 0 నుంచి 1 అయింది.

ఆ రోజు మిషన్ ఆపేసి కుర్చీ పక్కకి జరిగాను. "ఏమైందమ్మా?" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మందులు పని చెయ్యలేదు, ఇదీ పని చెయ్యట్లేదు. ఇంక నాకేం మిగిలింది అక్కా? బస్‌స్టాపులో నుంచుని రోజూ అదే అనుకుంటున్నాను" అన్నారు.

ఈ వైద్యంలో నేను అందరికన్నా ఎక్కువ భయపడేది ఈ మధ్య వారాలకి. చివరి ఆశ అని చెప్పి పంపిస్తారు. ఇంట్లోవాళ్ళు రోజూ "ఏమైనా తేడా ఉందా?" అని అడుగుతారు. ఒంట్లో ఓపిక కొంచెం ముందొచ్చి, మనసులో ఆశ ఇంకా రాని సమయం అది. అందుకే నైస్ అడిగిన ఆ మాట, పని చెయ్యకపోవచ్చు, దాని తర్వాత ఇంకా దారులున్నాయి అన్నది, మొదటి రోజు కాగితం మీద సంతకానికి మాత్రమే సరిపోదు. మధ్యలో మళ్ళీ చెప్పాలి.

ఆ రోజు సెషన్ చెయ్యలేదు. డాక్టరు గారు వచ్చి విడిగా మాట్లాడారు. ఆలోచన ఉంది, ఏర్పాటు ఏమీ లేదని తేలింది. ఇంట్లో ఎక్కువగా ఉన్న మాత్రలు ఫార్మసీకి ఇచ్చేయించాం. రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసిచ్చాం. ఆవిడ అనుమతితో భర్తని లోపలికి పిలిచి, "రోజూ తేడా ఉందా అని అడగకండి, తోడుగా బస్‌స్టాపు దాకా రండి చాలు" అని చెప్పాం. ఇది పని చెయ్యకపోతే తర్వాత ఏం చేస్తామో, లిథియం కలపడం, వేరే రకం మందు, ఇంకా ఏముందో డాక్టరు గారు ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టారు. ఆవిడ ఆ కాగితం మడతపెట్టి పర్సులో పెట్టుకున్నారు. మర్నాడు ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతి రోజు మళ్ళీ మొదలుపెట్టాం.

ఇరవై సెషన్ల తర్వాత 12. తొమ్మిదో ప్రశ్న సున్నా, ఈసారి భర్త గదిలో లేకుండానే. ఇరవై ఐదుకి 10. ముప్పైకి 8. మార్పుని ఆవిడ కన్నా ముందు చిన్నబ్బాయి చూశాడు. "అమ్మ మళ్ళీ రేడియోతో పాటు పాడుతోంది" అన్నాడట. 19 సగం అంటే తొమ్మిదిన్నర, కాబట్టి 8 అంటే వైద్యం పని చేసిందనే లెక్క. 5 కన్నా కిందికి రాలేదు కాబట్టి పూర్తిగా కోలుకున్నట్టు కాదు. ఈ రెండింటికీ తేడా చెప్పకుండా ఎవరైనా "తగ్గిపోయింది" అంటే నమ్మకండి.

ఇరవై దగ్గర కూడా అంకె కదలకపోయి ఉంటే ఏం చేసేవాళ్ళం? కొలత సరిగ్గా ఉందా, కాయిల్ చోటు సరిగ్గా ఉందా, మందులు మారాయా అని చూసి, కొందరికి ఆలస్యంగా గుణమిస్తుంది కాబట్టి ముప్పై దాకా వెళ్ళేవాళ్ళం. అప్పటికీ లేకపోతే ఆపేసి, పర్సులోని ఆ కాగితం తీసేవాళ్ళం. దీనికి అటువైపు ప్రమాదం కూడా ఉంది. రెండు గంటలే పడుకుని, అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో కొనడం మొదలుపెడితే అది కోలుకోవడం కాదు, మనసు మరీ పైకి ఎగిరిందని. ఇంట్లోవాళ్ళు సంతోషపడి ఊరుకోకుండా అదే రోజు క్లినిక్‌కి చెప్పాలి.

సెషన్లు అయిపోయాక సెర్ట్రలీన్ మానలేదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, మిషన్ నయం చేసింది కదా అని. నెలకోసారి అదే పట్టీ నింపాం. మూడో నెల 6. ఐదో నెలలో, వాళ్ళ నాన్నగారికి బాగోలేదని తెలిశాక 11. ఎక్కువ రోజులు ఆగకుండా పిలిపించాం. మొదట బాగా పని చేసినవారికి మళ్ళీ ఇస్తే చాలామందికి మళ్ళీ పని చేస్తుంది. పది సెషన్ల తర్వాత 7కి వచ్చింది. ఇంగ్లండ్‌లోనే నాటింగ్‌హామ్ నేతృత్వంలో 255 మందితో జరిగి 2024లో వచ్చిన బ్రైట్‌మైండ్ అధ్యయనంలో, 20 సెషన్ల తర్వాత వచ్చిన మెరుగుదల సగటున 26 వారాల దాకా నిలిచింది. అందులో ఉత్తుత్తి వైద్యంతో పోల్చి చూడలేదు కాబట్టి ఆ మెరుగంతా మిషన్‌దేనని చెప్పలేం. అయినా ఆరు నెలలు అన్నది చిన్న విషయం కాదు. ఆ ఆరు నెలలూ ఎవరో ఒకరు లెక్క చూస్తూ ఉండాలి.

ఇప్పుడు మీ ఉత్తరానికి జవాబు. అన్నయ్యగారికి ఇది షాక్ కాదని చెప్పండి. అమ్మగారికి, మెదడు పాడవుతుందన్న ఆధారం లేదని, జ్ఞాపకశక్తి పోదని చెప్పండి. తర్వాత వదినగారి పక్కన కూర్చుని ఆ నాలుగు గళ్ళ కాగితం నింపండి. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని వారాలు, నిజంగా రోజూ వేసుకున్నారా. అడిగేటప్పుడు తప్పు పట్టినట్టు వినిపించకూడదు. వంటింట్లో డబ్బాలు వెతికి ఇండియా మాత్రలన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్ళండి.

అక్కడ క్లినిక్‌ని మూడే అడగండి. మోటార్ త్రెషోల్డ్ మళ్ళీ ఎప్పుడు కొలుస్తారు? పీహెచ్‌క్యూ-9 లాంటి పట్టీ వారానికోసారి ఎవరు చూస్తారు, అంకె పెరిగితే ఆ రోజే ఎవరు మాట్లాడతారు? ఇది పని చెయ్యకపోతే తర్వాత ఏం చేస్తారు? వీటికి జవాబు సూటిగా వస్తే అది మంచి చోటు. "మాది నూటికి నూరు శాతం" అనేవాళ్ళని, పాత మందుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ప్యాకేజీ ధర చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఈలోగా ఎప్పుడైనా వదినగారి మాటల్లో బతుకు మీద విరక్తి వినిపిస్తే టీఎంఎస్ తేదీ కోసం ఆగకండి. ఇంగ్లండ్‌లో 111కి ఫోన్ చేసి 2 నొక్కండి, ప్రాణాపాయం అనిపిస్తే 999. అమెరికాలో ఉన్న పాఠకులకి 988.

మా ఆవిడ పోయిన వారం పాత కాగితం తిరిగి ఇచ్చేశారు, ఆ దారుల జాబితా. "వాడాల్సిన పని పడలేదక్కా. కానీ ఆ మూడు వారాలు పర్సులో అది ఉందని తెలిసే బస్సెక్కాను" అన్నారు. దాన్ని చించి పారెయ్యబుద్ధి కాక నా డ్రాయర్‌లో పెట్టుకున్నాను.